దర్సా చేసిన మడత పీట

ఎనుంగ్ పుట్టినరోజుకు కానుకలిచ్చేవాళ్లు ఎవరూ రైలెక్కరు. ఆమె కష్టమంతా అక్కడే మొదలైంది.

తెల్లారకముందే బోజొంగెదెలో రైలెక్కి, మంగరైలో మారి, జకార్తాలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో కూరలు తరుగుతుంది. పోనూ రానూ నిలబడే. అలాంటి మనిషికి మరిది మెడకింద దిండు కొనిచ్చాడు, గుర్రంలా నిలబడే నిద్రపోతుందనుకున్నాడు కాబోలు. ఆడపడుచు మెడలో వేసుకునే చిన్న ఫ్యాను ఇచ్చింది. అది మొదటిరోజే పక్కావిడ జుట్టు పట్టుకుంది. అత్తగారు సూపు చల్లారకుండా ఉండే డబ్బా ఇచ్చింది. రైల్లో తినకూడదు, తాగకూడదు. తినొచ్చన్నా, ఆ రద్దీలో నోటిదాకా చెయ్యి లేవాలి కదా!

ఈ ఏడాది మొగుడు దర్సా మడత పీట ఇచ్చాడు.

కొన్నది కాదు, చేసింది. ఫర్నిచర్ కార్ఖానాలో రంపం దర్సా కుడిచేతి రెండు వేళ్లు తీసుకుపోయాక అతను సుత్తి ముట్టలేదు. గుమ్మంలో కూర్చుని, వచ్చే పోయే మోటారు సైకిళ్లను చూస్తూ ఉండేవాడు. అలాంటివాడు మిగిలిన మూడు వేళ్లతో అల్యూమినియం గొట్టాలు వంచి, కాన్వాసు గుడ్డ కుట్టి, పుస్తకంలా మడిచి చేతిలో పెట్టాడు.

"నీ మోకాళ్లు వాచిపోతున్నాయి నెంగ్. ఇక కూర్చుని వెళ్లు," అన్నాడు, ఎప్పటిలా ముద్దుగా నెంగ్ అని పిలుస్తూ.

రైల్లో పీట విప్పకూడదని చెప్పడానికి ఎనుంగ్ నోరు తెరిచింది. అతని మొహం చూసి, "రాణిలా కూర్చుంటా కాంగ్," అనేసింది. ఆ ఊళ్లో మొగుణ్ణయినా, అన్నననయినా కాంగ్ అనే పిలుస్తారు.

మర్నాడు ఆడవాళ్ల పెట్టెలో, రోజూ పక్కన నిలబడే ఇమస్, ఎనుంగ్ సంచిలోకి తొంగిచూసి పకపకా నవ్వింది.

"దీన్ని విప్పావంటే ముందు నిన్ను మడతపెడతాడే గార్డు! ఆయనకి చెప్పెయ్యి."

"చెబితే మళ్లీ గుమ్మంలో కూలబడతాడు."

"చెప్పకపోతే నీ మోకాళ్లు కూలబడతాయి."

ఎనుంగ్ చెప్పలేదు. సంచిని అందరిలాగే ముందువైపు, గుండెకు ఆనించి వేసుకుని పీటను మోసింది. అసలే పొట్టి మనిషి, పైన వేలాడే పట్టీలు అందవు. మునివేళ్ల మీద లేచి, అదీ కుదరక ఇమస్ సంచి పట్టుకుని ఊగేది. ఇప్పుడు ఆ ఊగుడుకి పీట బరువు కూడా తోడైంది. సాయంత్రం దర్సా అడిగేవాడు, "కూర్చున్నావా?" "ఆహా, కునుకు కూడా తీశా," అనేది. అతను ఈలవేస్తూ పెరట్లోకి పోయేవాడు.

అబద్ధం బాగా పండింది. ఎంత బాగా పండిందంటే, ఒకరోజు దర్సా మరో మూడు పీటలు తెచ్చి ముందు పెట్టాడు.

"నీ స్నేహితురాళ్లకి. పొద్దున స్టేషన్‌కొచ్చి నేనే ఇస్తా."

ఆ రాత్రి ఎనుంగ్‌కు నిద్రపట్టలేదు.

పొద్దున ప్లాట్‌ఫాం మీద జనం భుజాలు రాసుకుంటున్నారు. దర్సా పీటలు చంకలో పెట్టుకుని, పండక్కి వచ్చినవాడిలా తల దువ్వుకుని వచ్చాడు. స్తంభం మీద బొమ్మల పలక ఉంది: గీత కొట్టేసిన సిగరెట్టు, గీత కొట్టేసిన గిన్నె, గీత కొట్టేసిన మడత పీట. అతను ఆ మూడో బొమ్మ ముందు ఆగిపోయాడు. చంకలోని పీటలను చూసుకున్నాడు. తర్వాత పెళ్లాన్ని చూశాడు. ఆమె తన చెప్పుల వైపు చూస్తోంది.

ఇమస్ ఉండబట్టలేకపోయింది. "కాంగ్ దర్సా, కోప్పడకండి. పీట బంగారంలా ఉంది. కానీ లోపల విప్పనివ్వరు. కాలు పెట్టడానికే చోటుండదు, పీటెక్కడ వేస్తాం? మీ ఆవిడకి పట్టీలు అందవు. రోజూ నా సంచికి గబ్బిలంలా వేలాడుతోంది. నా సంచి హ్యాండిలు తెగిపోయేలా ఉంది బాబూ!"

రైలొచ్చింది. వెనకనుంచి తోసిన జనమే ఎనుంగ్‌ను ఎక్కించారు. అద్దంలోంచి చూస్తే దర్సా పలక ముందే నిలబడి ఉన్నాడు. మంగరై వచ్చేదాకా ఆమె ఇమస్‌తో మాట్లాడలేదు. ఇమస్ సంచిని మాత్రం వదల్లేదు, వేరే గతి లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. పెరట్లో దర్సా పీట కాన్వాసును కత్తెరతో చీరుస్తున్నాడు. కూర్చున్నావా అని అడగలేదు. రోజూ అడిగే ఆ ఒక్క ముక్క లేకపోయేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

"కాంగ్, పాడుచెయ్యకు. నాదే తప్పు."

అతను చీరిన గుడ్డను పొడుగాటి పట్టీగా కత్తిరించాడు. కాన్వాసు పట్టీకి ఒక చివర కొక్కెం బిగించాడు, రెండో చివర పిడికిలి పట్టేంత ఉచ్చు మడిచాడు. దాన్ని కుట్టబోయి, పొడవు తేలక ఆగిపోయాడు.

"రైల్లో వేలాడే పట్టీ ఎంత ఎత్తులో ఉంటుంది?"

ఆమె గోడ మీద చూపించింది. అక్కడ మేకు కొట్టి కొక్కెం తగిలించాడు.

"చెయ్యెత్తు."

ఎనుంగ్ ఎత్తింది. అలవాటుగా మునివేళ్ల మీద లేచింది.

దర్సా వంగి ఆమె పాదాలు చూశాడు. "ఇప్పుడు కూడా అబద్ధమేనా? మడమలు దించు."

ఆమె మడమలు నేలకు ఆనించింది. అతను మూడు వేళ్లతో ఉచ్చును కిందికి, ఇంకా కిందికి జరుపుతూ ఉన్నాడు.