బియ్యంలో వేపాకు

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. పోర్టు దగ్గర ఏజెంటు ఆఫీసులో బస్తాలు మోస్తూ, ఎగుమతి కాగితాల్లో ఏ గడిలో ఏం రాస్తారో చూసి చూసి నేర్చాను. ఇప్పుడు అక్కడే, సరుకు పంపేవాళ్ళ కాగితాలు సరిచూస్తాను. ఇంగ్లీషు చదవగలను, మాట్లాడలేను.

పద్మనాభం అనే ఊరి నుంచి ఒకతను తొలిసారి పైదేశానికి బియ్యం పంపుతున్నాడు. ఊళ్ళో పదిమంది నమ్మి ఇచ్చిన ధాన్యం అది. మర్నాటి సాయంత్రంలోగా కంటైనరు పోర్టు గేటు దాటి ఓడ అందుకోవాలి. ఆ ఓడ తప్పితే సరుకు వద్దని కొనేవాడు ముందే రాసి పంపాడు.

గోడౌన్లో కాగితాలు చూపించాను. మొదటిది సరుకు ఏ దేశానిదో చెప్పేది.

"ఇదేటి మావా, ఇండియా అని రాసీసినారు? పద్మనాభం అని రాయరా?"

"ఆళ్ళకి నీ ఊరితో పనేటిరా? దేశం సాలు."

రెండోది మొక్కల ఆరోగ్యం కాగితం, సరుకులో పురుగూ తెగులూ లేవని తనిఖీ ఆఫీసరు సంతకం పెట్టాల్సింది. బస్తాలెన్ని, వాటి మీది గుర్తేమిటి, పురుగుకి ఏ మందు పొగ పెట్టారు, ఎంత మోతాదు, ఎన్ని గంటలు, ఏ తేదీన. అన్నీ చదివి చెప్పాను. పొగ పెట్టినవాళ్ళ చీటీతో సరిచూశాను. సరిపోయింది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఓ బస్తా విప్పించి, చేయి పెట్టి తీశాడు. గుప్పెట్లో బియ్యంతో పాటు ఎండిన వేపాకు.

"ఇదేంటి?"

"పురుగు పట్టకుండా ఏసినాం బాబూ. మా ఇంట్లో గాదెకీ అదే ఏత్తాం. ఆ మందు గడిలో ఇదీ రాసీండి!"

ఆఫీసరు నవ్వలేదు. ఇంకో నాలుగు బస్తాలు విప్పించాడు. నాలుగింటిలోనూ ఆకే.

"ఆకు, మట్టి ఉండకూడదని ఆ దేశం షరతు. మొత్తం జల్లించి, మళ్ళీ పొగ పెట్టించి పిలవండి. ఇలా అయితే నేను సంతకం పెట్టను."

ఐదొందల బస్తాలు. పొగకే ఒక పగలూ రాత్రీ పడుతుంది.

ఆఫీసరు వెళ్ళగానే అతను నా చేతులు పట్టుకున్నాడు. "మావా, ఆ ఆఫీసరు నీకు తెలిసినోడే కదా. ఒక్క మాట సెప్పు. కాళ్ళట్టుకుంటాను."

"కాళ్ళట్టుకుంటే ఆకు పోద్దేటి? అక్కడ దొరికితే సరుకు తగలెడతారు, లేదంటే తిప్పి పంపుతారు."

"పోనీ ఓడెక్కించీసి, కాగితం తరవాత తెచ్చుకుందాం."

"ఓడెక్కినాక ఎవడు తనిఖీ సేత్తాడ్రా? అప్పుడా కాగితం ఇవ్వరు."

నాకు కోపం అతని మీద కాదు. మందు ఏం పెట్టారని పదిసార్లు అడిగాను. బస్తాలో ఏం వేశారని ఒక్కసారీ అడగలేదు. అలాంటి గడి ఆ కాగితంలో లేదు. కాగితంలో లేనిది నాకు తోచలేదు.

అతను నేల మీద కూలబడి, విప్పిన బస్తాలోంచి ఒక్కో ఆకూ ఏరడం మొదలుపెట్టాడు. ఇంతలో ఫోను మోగింది. పైదేశం నుంచి కొనేవాడు, మాటంతా ఇంగ్లీషే. అతను చూసి, ఎత్తకుండా నాకు అందించాడు.

"నువ్వే సెప్పు మావా. నాను సెప్పలేను."

ఫోను నా చేతిలో మోగుతూనే ఉంది.