పిల్లలు ఆడుకునే బాల్కనీ

ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో ప్రకటనలు రాస్తుంది కాబట్టి ఆమె ఇళ్ళక్క అయిపోయింది. మొగుడు కూడా ఒక్కోసారి అలాగే పిలిచి నాలుక కరుచుకుంటాడు. వీధిలో ఏ ఇంట్లో కుళాయి కారుతోందో, ఏ మేడ మీద నీళ్ళు ఎక్కవో అన్నీ ఆమెకు తెలుసునని ఏజెంటు పిలిచి మరీ పనిలో పెట్టుకున్నాడు.

ఆమెదొక పద్ధతి. ఇంటికి స్వయంగా వెళ్ళి ప్రతి గదిలోనూ నేలమీద ఓసారి కూర్చుంటుంది. కుళాయిలన్నీ తిప్పుతుంది. పక్కింటి తలుపు తట్టి, "మీకు నీళ్ళు ఎన్నింటికొస్తాయమ్మా?" అని అడిగి, ఆ పక్కింటివాళ్ళ సంగతులు కూడా నాలుగు పోగేసుకుని వస్తుంది. అప్పుడే రాస్తుంది. చూడకుండా రాయడమంటే వండకుండా రుచి చెప్పడమేనని ఆమె మాట.

ఆ రోజు మాత్రం వెళ్ళలేదు. పొద్దుటినుంచీ వాన, పైగా మోకాలి నొప్పి. నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఏజెంటు ఫొటోలు ముందు పెట్టి, "మధ్యాహ్నానికల్లా పెట్టెయ్యాలక్కా. ఫొటోలున్నాయిగా, వాటిని చూసి రాసెయ్యి" అన్నాడు. ఫొటోల్లో హాలు ముందు బాల్కనీ మైదానంలా ఉంది. ఇళ్ళక్క కలం ఊరుకుంటుందా? 'విశాలమైన బాల్కనీ. పిల్లలు హాయిగా ఆడుకోవచ్చు' అని రాసేసింది.

మర్నాడు ఒక నర్సమ్మ ఫోన్ చేసింది. పదకొండింటికి ఇల్లు చూడ్డానికి వస్తామంది. "బిల్డరు కాగితంలో మెట్లూ గోడలూ అన్నీ కలిపి రాస్తారు కదండీ. నాకు గోడకీ గోడకీ మధ్య ఎంతుందో కావాలి" అంది. అడగవలసిన మాటే. ఇళ్ళక్క తాళంచెవి, కొలత టేపు తీసుకుని ముందుగా బయలుదేరింది.

హాలు కొలిచింది. పెద్ద పడగ్గది కొలిచింది. తరువాత హాలులోంచి బాల్కనీలోకి అడుగు పెట్టేసరికి మొహం మాడిపోయింది. ఇటు గోడకి వీపు ఆనిస్తే అటు రెయిలింగు చేతికి అందుతోంది. ఆ కెమెరా జానెడు చోటుని బారెడు చేసి చూపించింది. 'ఇక్కడ పిల్లలేం ఆడతారు నా తలకాయ' అనుకుంటూ, టేపు మీద అంకె చదవడానికి రెయిలింగు మీద మోచెయ్యి ఆనించింది.

రెయిలింగు కదిలింది.

కొద్దిగానే. వదులైన పన్ను కదిలినట్టు. కానీ బయటివైపుకి కదిలింది. అడుగున ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలాయి. ఆ పెచ్చులు ఎక్కడ పడతాయోనని కిందికి చూసింది. స్కూటర్లు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. గోడకి అతుక్కుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ హాల్లోకొచ్చి నేలమీద చతికిలబడింది.

ఏజెంటుకి ఫోన్ చేసింది.

"తెలుసక్కా. ఓనరుకి చెప్పాను, వెల్డింగువాడు వచ్చే వారం వస్తాడు."

"తెలిసే నాచేత పిల్లలు ఆడుకోవచ్చని రాయించావా తమ్ముడూ?"

"నేను బాల్కనీ అన్నాను. పిల్లల్ని తెచ్చింది నువ్వు."

ఆ మాట ముల్లులా దిగింది. నిజమే మరి.

"తలుపు గొళ్ళెం పెట్టేసి అద్దంలోంచి చూపించు. నోరు మాత్రం విప్పకు. వచ్చే బేరాన్ని కాలదన్నకు" అని అతను పెట్టేశాడు.

హాల్లోంచి బాల్కనీలోకి వెళ్ళే తలుపు గొళ్ళెం గట్టిగా బిగించింది. నర్సమ్మకు ఫోన్ చేసింది. మోగుతోందిగానీ ఎత్తడం లేదు. బండి మీద ఉందేమో. మళ్ళీ చేసింది. మళ్ళీ. ఈలోగా గుమ్మం గంట మోగింది.

నర్సమ్మ వెనక ఆమె కొంగు పట్టుకుని చిన్న కూతురు. బడి మధ్యలోంచి తీసుకొచ్చినట్టుంది, సంచి వీపునే ఉంది.

"ఆడుకునే చోటేదీ?" అని అడిగింది వచ్చీ రాగానే.

నర్సమ్మ నవ్వింది. "మీరు రాసింది చదివి వినిపించానండీ. అప్పట్నుంచీ ఒకటే గోల. ఇప్పుడుండే ఇంట్లో దీనికి కాలు చాపుకునే చోటు లేదు."

ఇళ్ళక్క హాలు తలుపు గొళ్ళెం వైపు చూసింది. ఇప్పుడే చెప్పెయ్యాలి. కానీ ఎలా మొదలుపెట్టాలి? వంటగది చూపించాక మెల్లగా చెప్దామనుకుంది. ఆ 'మెల్లగా' అన్నదే కొంప ముంచింది.

"వెలుతురు బాగుందండీ" అంటూ నర్సమ్మ కుళాయి తిప్పుతుండగా, ఎక్కడో గొళ్ళెం తీసిన చప్పుడయింది.

హాలు తలుపు వేసే ఉంది. మరి ఆ చప్పుడు? ఇళ్ళక్క ఇంకా కొలవనిది రెండో పడగ్గది ఒక్కటే. ఫొటోలో అక్కడ నిలువునా ఒక కర్టెన్ ఉంది. దాని వెనక కిటికీ ఉందనుకుంది. కిటికీ కాదు, తలుపు. అదీ ఆ బాల్కనీలోకే. ఇందాక కంగారులో అటు చూసుకోలేదు.

మోకాలి నొప్పి ఏమయిందో ఆమెకే తెలియదు. పరుగెత్తింది.

పిల్ల రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ఒక కాలు కింది కమ్మీ మీద పెట్టి, రెండో కాలు ఎత్తబోతోంది. ఇళ్ళక్కకి కేక గొంతుదాకా వచ్చింది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే ముందుకే ఒరుగుతుంది. వెనకే వస్తున్న నర్సమ్మకి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. గొంతు ఎలా వచ్చిందో, కథ చెప్పే గొంతులా వచ్చింది.

"బంగారం, ఈ టేపు చూశావా? కొస పట్టుకుంటే పాములా సాగుతుంది. నా ఒక్కదానివల్లా కావడంలేదు, కాస్త పట్టుకో."

పిల్ల తల తిప్పింది. ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందో ఆ దేవుడికే తెలియాలి. కాలు దించింది. చేతులు వదిలి, వచ్చి కొస పట్టుకుంది. ఇళ్ళక్క టేపుని కాదు, పిల్లని పట్టుకుని గదిలోకి లాగేసింది. తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఏమైందండీ?" నర్సమ్మ మొహం పాలిపోయింది.

"రెయిలింగు ఊడిపోయేలా ఉందమ్మా. మీరొచ్చే ముందే చూశాను."

నర్సమ్మ పిల్లని ఎత్తుకుంది. "ఆడుకోవచ్చని రాసింది మీరేనా?"

"నేనే. చూడకుండా రాశాను."

"చూశాక కూడా చెప్పలేదు."

నర్సమ్మ రెండో గది కొలత కూడా అడక్కుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇళ్ళక్క రెండో గది కూడా కొలిచి, వంటగది నేలమీద కూర్చుంది. ఫోనులో పాత ప్రకటన తీసేసి కొత్తది రాసింది. 'నాలుగో అంతస్తు, లిఫ్టు ఉంది. గోడల మధ్య కొలతలు కింద ఇచ్చాం. వంటగదిలో పొద్దున లైటు వెయ్యక్కర్లేదు. పెద్ద పడగ్గదికి గాలి బాగా వస్తుంది. రెండో గది చిన్నది, ఒక మంచం, ఒక బీరువా పడతాయి, బల్ల పట్టదు. బాల్కనీ ఇరుకు, బట్టలు ఆరేసుకోవడానికి సరిపోతుంది, హాల్లోంచీ చిన్న గదిలోంచీ తలుపులున్నాయి. రెయిలింగు కదులుతోంది, బాగుచేసేదాకా అటు వెళ్ళనివ్వం.' ఫొటోలు కూడా తన ఫోనుతో, కర్టెన్ పక్కకి జరిపి మళ్ళీ తీసి పెట్టింది.

కాసేపటికే ఏజెంటు ఫోన్. "ఇలా రాస్తే చూడ్డానికి ఎవడొస్తాడు? ఓనరు నన్ను ఉతికి ఆరేశాడు."

"ఆరేసుకోవడానికి బాల్కనీ ఉందిగా. నన్ను మానెయ్యమంటే మానేస్తాను తమ్ముడూ. ఆ ముక్కలు మాత్రం తియ్యను."

అతను మానెయ్యమనలేదు, ఉండమనీ అనలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదంతే. ఊరంతా చదివే ప్రకటనలో తన ఇంటి తుప్పు కనిపించేసరికి ఓనరుకి తల కొట్టేసినట్టయింది. వచ్చే వారం రావలసిన వెల్డింగువాడు మర్నాడే వచ్చాడు.

వారం తిరక్కముందే నర్సమ్మ ఫోన్ చేసింది. పలకరింపు లేదు. "కొత్తది చదివాను. రెయిలింగు బాగుచేశారా?"

"చేశామంటున్నారమ్మా."

"అనడం కాదు. మీరు చూశారా?"

"రేపు వెళ్ళి చూసి చెప్తాను."

వెళ్ళింది. కొత్త కమ్మీలు, కొత్త రంగు, అడుగున మందంగా వేసిన సిమెంటు. చూడ్డానికి రాయిలా ఉంది. అయినా గుమ్మం దాటడానికి కాళ్ళు రాలేదు. కళ్ళ ముందు ఆ పిల్ల ఎత్తబోయిన కాలే కనిపిస్తోంది. ఎడమ చేత్తో తలుపు చట్రం బిగించి పట్టుకుంది. కుడి చెయ్యి చాచి ముందు వేళ్ళు ఆనించింది, తరువాత అరచెయ్యి. కదల్లేదు. ఊపిరి బిగబట్టి మోచెయ్యి ఆనించి తోసింది. ఇంకా గట్టిగా తోసింది. తరువాత చట్రం వదిలి, అటు చివరా, ఇటు చివరా, మధ్యలోనూ తోసి చూసింది.

మళ్ళీ తలుపు చట్రం పట్టుకుని ఫోన్ తీసి, నర్సమ్మకు 'చూశానమ్మా, కదల్లేదు' అని చెప్పింది. ప్రకటనలో 'రెయిలింగు కదులుతోంది, బాగుచేసేదాకా అటు వెళ్ళనివ్వం' అన్న ముక్క కొట్టేసి, 'రెయిలింగు కొత్తది' అని రాసింది. 'బాల్కనీ ఇరుకు' అన్నది అలాగే ఉంచింది.