కిలో, గజం, మీటరు

మా కుట్టు కేంద్రంలో వదిన ఒకచోట కూర్చుందంటే ఒంట్లో బాగోలేదా అని అడుగుతాం. చేతిలో టీ గ్లాసు, చెవి మీద పెన్సిలు, మెడలో కొలత టేపు. గ్లాసు ఒక కిటికీలో పెడుతుంది, ఇంకో కిటికీలో వెతుకుతుంది. చల్లారిన టీలు పారబోయడానికే మాకొక మనిషి కావాలి.

ఆవిడ అందరికీ వదినే. మొదట్లో ఆవిడ ఆడపడుచు ఇక్కడ కాజాలు కుట్టేది. ఆ అమ్మాయి వదినా వదినా అని పిలుస్తుంటే మా నోళ్లకీ అదే పట్టింది. ఆవిడకంటే పెద్దదైన కత్తెర పిన్ని కూడా అలాగే పిలుస్తుంది. కటింగు టేబులు దగ్గర పిన్ని మాటే చెల్లుతుంది. ఆవిడ కత్తెరకి పదునెక్కువా నోటికెక్కువా అంటే నేను నోటికే ఓటేస్తాను.

గుండీలు కుట్టడానికి వచ్చిన వదిన చేతికి కొనుగోళ్లు ఎలా వచ్చాయంటే, ఒకసారి లైనింగు గుడ్డ కొలిచి, "ఇవి మీటర్లు కావు, గజాలు" అంది. అప్పటిదాకా గజానికి మీటరు ధర కట్టి తెచ్చుకుంటున్నాం మేము. ఒక్క గజంలో పోయేది ఎనిమిదిన్నర సెంటీమీటర్లే, కానీ తానులు తానులు కొంటే చొక్కాలే పోతాయి. ఆ రోజే మేమంతా కలిసి ఆ పని ఆవిడ నెత్తిన పెట్టాం. కాదనలేదు. మా వదినకి కాదనడం చేతకాదు, అదే ఆవిడ రోగం.

ఈసారి ఒక ఆటల క్లబ్బు నుంచి చొక్కాల ఆర్డరు వచ్చింది. పదిహేను వందల మీటర్ల అల్లిక గుడ్డ కావాలి. మా పద్ధతి ప్రకారం మూడు చోట్ల ధరలు అడగాలి, అన్నీ ఒక పట్టికలోకి తేవాలి, అందరం చూసి సంతకాలు పెట్టాలి. మూడు కొటేషన్లూ ఫోన్లో ఫోటోలుగా వచ్చాయి. మూడోది తెరిచి చూసి వదిన మొహం పాలిపోయింది.

"ఇది మా చిన్నోడిది," అంది.

చిన్నోడంటే తమ్ముడు. తల్లి పోయాక ఆవిడే పెంచింది. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టి మూశాడు, ఐస్ మిషను కొని అమ్మేశాడు. ఇప్పుడొక గుడ్డల మిల్లుకి ఏజెంటు. మేం ధర అడిగింది ఆ మిల్లునే. ఈ నెలలో ఒక్క ఆర్డరైనా తేకపోతే బ్యాగు ఇచ్చేసి వెళ్లమన్నారట. అక్కని ఒక్క మాట సాయం అడగలేదు. మిగతావాళ్లలాగే కేంద్రం నంబరుకి ఫోటో పంపి ఊరుకున్నాడు.

"పట్టిక వేరే ఎవరైనా వేయండి," అంది వదిన.

ఎవరు వేస్తారు? అందరం మిషన్ల మీదకి వంగిపోయాం. నేనైతే ఎక్కిన దారాన్నే మళ్లీ ఎక్కించాను. పిన్ని మాత్రం తలెత్తి, "నువ్వే వెయ్యి. మేం చూస్తాంగా," అంది. ఆ "చూస్తాంగా" ఉంది చూశారూ, దానికి కూడా పదునే.

ఇక ఆ రెండు రోజులూ ఆవిడ కాలుకాలిన పిల్లే. నమూనాలు కోసే ఖాకీ కాగితం ఒకటి టేబులు మీద పరిచి గళ్లు గీసింది. వాళ్లు చెప్పిన ధర, మీటరు లెక్కకి తెస్తే ఎంత, పన్ను, రవాణా, చివరికి మన గుమ్మంలోకి వచ్చేసరికి ఎంత. గీయడం, లేవడం, కిటికీ దాకా నడవడం, వచ్చి మళ్లీ ఫోటో పెద్దది చేసి చూడడం. చూసేవాళ్లకి కళ్లు తిరిగేవి. "కూర్చో వదినా, నీ బదులు నాకు కాళ్లు పీకుతున్నాయి," అన్నాను. వినిపించుకోలేదు.

పెద్ద బజారు కొట్టువాళ్లు మీటరు నూట పద్దెనిమిది రాశారు. వందకి ఐదు చొప్పున పన్ను అదనం, రవాణా ఉచితం అని ఫోటోలోనే స్పష్టంగా ఉంది. అంటే మీటరు నూట ఇరవై మూడు రూపాయల తొంభై పైసలు.

రెండోవాళ్లు తాను ఐదువేల ఐదు వందలు, తానుకి యాభై అన్నారు. యాభై ఏంటో రాయలేదు, పన్ను సంగతీ రాయలేదు. వదిన ఫోన్ చేసి అడిగింది. యాభై గజాలట. పన్ను, రవాణా అన్నీ అందులోనేనట. యాభై గజాలంటే నలభై ఐదు మీటర్ల డెబ్బై రెండు సెంటీమీటర్లు. తాను కోసి ఇవ్వరు కాబట్టి మనకి ముప్పై మూడు తానులు కొనక తప్పదు. ఆ డబ్బంతా మన పదిహేను వందల మీటర్లకీ పంచితే మీటరు నూట ఇరవై ఒకటి. పైపైన చూస్తే నూటపదే అనిపించేది.

చిన్నోడిది కిలో లెక్క. కిలో మూడు వందల ఎనభై. నమూనాకని అతను పంపిన గుడ్డని నిండు పన్నాలో, అంటే పూర్తి వెడల్పుతో, సరిగ్గా మీటరు కోసి, మేం గుండీలు తూచే చిన్న కాటా మీద పెట్టింది వదిన. మూడు వందల గ్రాములు. అంటే మీటరు నూట పద్నాలుగు. లారీకి మొత్తం నాలుగువేల ఐదు వందలు, మీటరుకి మూడు పడుతుంది. గుడ్డ ధర మీద ఐదు శాతం పన్ను కూడా కలిపి, మొత్తం నూట ఇరవై రెండు డెబ్బై అని గడిలో వేసింది.

అంటే తమ్ముడిది రెండో స్థానం. గజాలవాళ్లు గెలిచారు.

ఆ అంకె వేశాక వదిన మొదటిసారి కూర్చుంది. ఏడ్వలేదు. చెవి మీదున్న పెన్సిలు కోసం టేబులంతా వెతుకుతోంది. గెలవాలని ఆవిడకి లేదా? ఉంది. ఉందనే భయం అంతకంటే ఎక్కువుంది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

సంతకాల రోజు అందరం టేబులు చుట్టూ చేరాం. పిన్ని కళ్లజోడు పెట్టుకుని గడి గడీ వేలితో తడుముతూ వచ్చింది. తప్పు దొరుకుతుందనే వచ్చిందని నాకు తెలుసు. తమ్ముడికి ఎక్కడో అంకె తగ్గించి ఉంటుందని ఆవిడ అనుమానం. వేలు మూడో వరస దగ్గర ఆగింది.

"ఈ పన్ను ఎక్కడిది?"

"చిన్నోడిది. ఐదు శాతం," అంది వదిన.

"అది తెలుసు. అదనం అని అతనెక్కడ రాశాడు? ఫోటో చూపించు."

వదిన ఫోన్ ఇచ్చింది. కాగితం అడుగు భాగం ఫోటోలో పడలేదు. రవాణా లైను కింద బొటనవేలు, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇందులో పన్ను మాటే లేదు."

"లేనప్పుడు అదనం అనుకోవడమే క్షేమం కదా పిన్నీ."

"మరి గజాలవాళ్ల కాగితంలో కూడా లేదుగా? వాళ్లకి వేయలేదే?"

"వాళ్లని ఫోన్ చేసి అడిగాను."

"ఇతన్ని?"

వదిన ఖాకీ కాగితం మూల మడవసాగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎప్పుడూ వింటాం గానీ, దొంగతనం చేయకుండానే తడుముకునేవాళ్లని నేనప్పుడే చూశాను.

"తమ్ముడితో ఫోన్లో మాట్లాడితే మీరేమనుకుంటారో అని..." అంది చివరికి.

"మేమేదో అనుకుంటామని వాడి నెత్తిన పన్నేస్తావా?" పిన్ని గొంతు లేచింది. "బయటివాళ్లకి అనుమానం వస్తే అడుగుతావు, సొంతవాడి మీద వస్తే రాసేస్తావు. ఇదేం న్యాయమే! చెయ్యి ఫోను. అందరికీ వినపడేట్టు పెట్టు."

వదిన రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి అతను ఎత్తాడు. వెనకాల బస్సు హారన్లు.

"అక్కా?"

"చిన్నోడా, నేను కేంద్రం నుంచి. అందరూ వింటున్నారు. నీ కొటేషన్లో పన్ను కలిపేనా, అదనమా?"

"కలిపే. కింద రాశానుగా."

"ఫోటోలో పడలేదురా."

"అయ్యో. రేపు ఆర్డరు ఎవరికో తేలుస్తామన్నారుగా. ఇప్పుడా అడగడం?"

పిన్నే ఫోన్ దగ్గరికి వంగింది. "బాబూ, మాటలొద్దు. కాగితం నాలుగు మూలలూ కనపడేట్టు ఫోటో తీసి పంపు." తర్వాత మా వైపు తిరిగి, "గజాలవాళ్ల చేత కూడా ఫోన్లో చెప్పింది రాయించండి. అందరికీ ఒకటే పద్ధతి," అంది.

ఫోటో వచ్చింది. కింద నీలం సిరాతో, పన్నుతో కలిపి అని ఉంది. గజాలవాళ్లూ తమ మాట రాసి పంపారు. వదిన పన్ను గడిలో అంకె కొట్టేసింది. నూట పదిహేడు. అందరికంటే తక్కువ.

"నేను సంతకం పెట్టను. ఇప్పుడు నా చేత్తో దిద్దితే..." అని మొదలుపెట్టింది.

పిన్ని పెన్సిలు లాక్కుని అందరికంటే ముందు తన పేరు గీకింది. "దిద్దించింది నేను. ఎవడైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపు," అంది. అలా అన్నందుకు ఆవిడ మీద నాకున్న పాత కోపాల్లో సగం పోయాయి. సగమే.

సరుకు వచ్చిన రోజు సన్నగా వాన. చిన్నోడు వ్యానులోంచి తనే రోల్సు దింపాడు. అక్కకేసి చూడలేదు. ఆవిడా పలకరించలేదు. ఒక్కో రోల్ నుంచి ఒక మీటరు కొలిచి, కోసి, కాటా మీద పెడుతోంది. కిలో లెక్కన కొన్న గుడ్డ మందంగా ఉంటే మీటర్లు తగ్గిపోతాయి, అందుకని. మూడు వందలు, మూడు వందలు, రెండు వందల తొంభై తొమ్మిది. నా గుండె తేలికపడింది. ఒక రోల్ దగ్గర కాటా మూడు వందల పన్నెండు చూపించింది.

వదిన మళ్లీ పెట్టింది. మళ్లీ పన్నెండే. పిన్ని కళ్లజోడు సర్దుకుంది. ఆ రోల్ ఎదురుగా ఎర్ర పెన్సిలుతో వదిన ఏదో రాయబోయింది. పెన్సిలు కాగితాన్ని తాకింది కూడా. అక్కడే ఆగిపోయింది.

అది చెవి మీద పెట్టుకుని, లేచి, గుమ్మం దాకా నడిచింది.

"చిన్నోడా, ఈ రోలొకటి పన్నెండు గ్రాములు ఎక్కువ తూగుతోంది. ఎందుకు?"

అతను వచ్చి గుడ్డ ముట్టుకున్నాడు. "వ్యాను చివర్లో ఉన్నది ఇదే అక్కా. పట్టా ఎగిరి పైచుట్లు తడిశాయి. లోపలి చుట్టు తూచి చూడు."

వదిన పైచుట్లు విప్పి లోపలిది కోసింది. పొడిగా ఉంది. కాటా మీద పెట్టింది. మూడు వందలు.

చిన్నోడు తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ అక్క మొహంలోకి చూశాడు, చాలా రోజుల తర్వాత.

"ఈసారి అడిగావు," అన్నాడు.

వదిన అక్కడే, ఆ తడి గుడ్డ మీదే కూలబడి ఏడ్చింది. నేను టీ తెచ్చి చేతిలో పెట్టాను. ఆ గ్లాసు ఎక్కడా పెట్టకుండా, వేడిగా ఉండగానే మొత్తం తాగింది.