తొమ్మిదేళ్లకు ఒక కాగితం

ఆ కాగితం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు మా మొదలాళి మీద, ఆ వెంటనే నా మీద. మొదలాళి పోయి చాలా కాలమైంది కాబట్టి ఆయన మీది కోపం కొంత చల్లారింది. నా మీదిది చల్లారలేదు.

యుద్ధం రోజులవి. తిరుపతి స్టేషనుకు దగ్గరలో ఒక కాఫీ హోటల్లో నేను గుమాస్తాను. హోటలు యజమానిని అందరం మొదలాళి అనేవాళ్లం. స్కూలు ఫైనలు దాకా చదివినందుకు ఆ హోటల్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మొదలాళికి సంతకం పెట్టడం వచ్చు, నాలుగు ముక్కలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. రేషను ఆఫీసుకు అర్జీ రాయాలన్నా, మద్రాసు నుంచి గ్లాసులు తెప్పించాలన్నా కలం నాదే. అందుకు నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ హోటల్లో తొమ్మిదేళ్లుగా సర్వరు పని చేస్తున్న ఒకాయన ఉండేవాడు. చిత్తూరు పక్క పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బా అని పిలిచేవాడు. కొండకు పోయే జనం రైలు దిగి ఒక్కసారిగా మీద పడితే, మిగతా సర్వర్లు తడబడేవాళ్లు. ఆయన ఒక్క కాగితం ముక్క లేకుండా ఎనిమిది బల్లల ఆర్డర్లు మనసులోనే పెట్టుకుని, ఎవరి ఇడ్లీ వాళ్లకు, ఎవరి కాఫీ వాళ్లకు చేర్చేవాడు. పసిపిల్లలున్న బల్ల మీద వేడి గ్లాసు అంచున పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చదువు మాత్రం లేదు. సంతకం చోట వేలిముద్రే.

ఆయన భార్య గూడూరులో ఉండేది. అక్కడ అభ్రకం షెడ్లలో రేకులు చీల్చే పని. వాళ్లమ్మకు కళ్లు కనిపించక, ఆమెను వదిలి రాలేక అక్కడే ఉండిపోయింది. నాలుగేళ్లుగా ఈయన ఇక్కడ, ఆమె అక్కడ. నెలకొక్కసారి రైలెక్కి పోయి, మర్నాటికి తిరిగొచ్చి గ్లాసులు పట్టుకునేవాడు. అలాంటి సమయంలో గూడూరు జంక్షను స్టేషన్లో టిఫిన్ల గది నడిపే కాంట్రాక్టరుకు అనుభవమున్న సర్వరు కావాలని తెలిసింది. పోయి అడిగితే, "ముందు పని చేసిన చోటి నుంచి సర్టిఫికెట్ తీసుకురా, సోమవారం దాకా చూస్తా" అన్నాడట.

గూడూరు పోవాలనుకుంటున్నట్టు ఆయన నెల ముందే మొదలాళికి చెప్పి పెట్టాడు. చెప్పకుండా ఎగ్గొట్టిపోయే రకం కాదు. అయినా సర్టిఫికెట్ అడిగేసరికి మొదలాళి మొహం మాడిపోయింది. మంచి సర్వరు పోతున్నాడన్న బాధ ఒకటి, అంతకు ముందే లోపల పెట్టుకున్న కసి ఇంకొకటి. ఆ కసి సంగతి చెప్పాలి. చక్కెర దొరకని ఆ రోజుల్లో మా కాఫీలో బెల్లం పడేది. గోడ మీద మాత్రం చక్కెర కాఫీ అని బోర్డు అలాగే ఉండేది. ఒక రోజు కస్టమరొకాయన రుచి చూసి "ఇది చక్కెరేనా?" అని అడిగితే, అన్న దాచలేదు. "బెల్లం సామీ, చక్కెర దొరకలా" అన్నాడు. ఆ కస్టమరు కాఫీ తాగేసి నవ్వుకుంటూ పోయాడు. మొదలాళి మాత్రం దాన్ని ఆరు నెలలు కడుపులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున నన్ను పిలిచి సర్టిఫికెట్ రాయమన్నాడు. పేరు, తేదీలు హాజరు పుస్తకం చూసి వేస్తానని నేను లేవబోయాను.

"పుస్తకమెందుకు? నేను చెప్పేది రాయి," అన్నాడు.

చెప్పాడు, ఇంగ్లీషులో రాశాను. ఈ మనిషి మా హోటల్లో పని చేశాడు. హోటలు లోపలి సంగతులు కస్టమర్లకు చెప్పే అలవాటుంది. ఇతను పోవడానికి మాకు అభ్యంతరం లేదు. అంతే. ఏం పని చేశాడో లేదు. ఎన్నాళ్లు చేశాడో లేదు. నడవడిక గురించి ఒక్క మాట లేదు. తనంతట తనే పోతున్నాడని లేదు. చదివినవాడికి, తరిమేశారేమో అనిపించాలి, అలా ఉంది.

"ఇది ఇట్ల రాస్తే ఎవురూ పనియ్యరు సామీ," అన్నాను.

"నిన్ను రాయమన్నా. ఆలోచన చేయమన్లే."

అందమైన దస్తూరీతో, కొట్టివేత ఒక్కటి లేకుండా రాసి ఇచ్చాను. థూ! ఆ మాట ఈ రోజు రాస్తుంటే కూడా వేళ్లు కడుక్కోవాలనిపిస్తోంది.

అన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. మొదలాళికి దండం పెట్టాడు. మడతలు పడకుండా కొత్త తువ్వాలలో చుట్టుకుని, నా భుజం తట్టి, మధ్యాహ్నం రైలుకు పోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. చెప్పడానికి నాకు స్టేషను దాకా దారి ఉండింది, చెప్పలేదు.

శనివారం పొద్దున టిఫిన్ల వేళకు తిరిగొచ్చాడు. గీయని గడ్డం. నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"కాంట్రాక్టరు కాయితం సదివినాడు. మడిసి నా చేతికే ఇచ్చేసినాడు. ఆడ గుమాస్తా ఒకాయన బయటికొచ్చి, 'ఇందులో ఏముండాదో ఎవురితోనైనా సదివించుకో పెద్దాయనా' అన్నాడు. నాకు నువ్వు తప్ప ఎవురుండారు? సదువబ్బా."

నేను రాసిన కాగితాన్ని నాతోనే చదివించుకోవడానికి గూడూరు నుంచి వచ్చాడు. అబద్ధం చెప్పి తప్పించుకుందామని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. చెప్పలేకపోయాను. మూడు వాక్యాలూ తెలుగులో చదివాను.

"తొమ్మిదేండ్లని లేదా?"

"లేదన్నా."

"ఇది రాసింది ఎవురు?"

"నేనే."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం నా చేతిలోంచి తీసుకుని గల్లా పెట్టె దగ్గరికి నడిచాడు. హోటలు నిండా జనం. ఆ జనం మధ్యలో, ఎప్పుడూ బల్లలకు వినిపించేంత మాత్రమే మాట్లాడే మనిషి, గొంతెత్తి అన్నాడు:

"సామీ, ఈ కాయితంలో ఏముండాదో అందరికీ వినపడేట్టు తెలుగులో సెప్పండి. నేను తప్పు చేసింటే అందరి ముందరే చెప్పుతో కొట్టండి."

మొదలాళి మొహం ఎర్రబడింది. "టిఫిన్లప్పుడు ఏందప్పా ఈ గలాటా? పో, తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు. అన్న కదల్లేదు. అప్పుడు గోడ పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన చెయ్యి చాచాడు. మున్సిఫ్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, పదేళ్లుగా మాకు రోజువారీ గిరాకీ. కాగితం చదివి, కళ్లజోడు తీసి మొదలాళి వైపు చూశాడు.

"ఇది సర్టిఫికెట్టా, చాడీనా? ఇంతకీ ఈయన చెప్పిన లోపలి సంగతి ఏంది?"

మొదలాళి చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అన్నే చెప్పాడు. "కాఫీలో బెల్లం ఏస్తారని సెప్పినా సామీ. ఆయనడిగినాడు, సెప్పినా."

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. మరో బల్ల మీంచి "అది నాలుక్కి తెలీదా, ఈయన సెప్పల్లా?" అన్నారు. మొదలాళి బోర్డు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు.

"సూడప్పా, నీ కోపం నువ్వు పెట్టుకో, దానికి ఈ కాయితంలో చోటు లేదు. ఏం పని చేసినాడు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎట్ల నడుచుకున్నాడు, తనంతట తనే పోతాండాడా లేదా. ఇవి రాయి, చాలు. చదివేవాడికి కావాల్సింది అంతే."

మొదలాళి నా వైపు చెయ్యి ఊపాడు, రాసుకో పో అన్నట్టు. నాకు ఏడుపొచ్చినంత పని అయింది. హాజరు పుస్తకం తెచ్చి, చేరిన తేదీ వెతికి, హోటలు పేరు అచ్చువేసిన కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. చేసిన పాపం కడుక్కోవాలన్న ఆత్రం. ఇంతటి నిజాయితీపరుడు జిల్లాలోనే లేడని రాశాను. టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచాన పడినా కోలుకుని పనికి వచ్చాడని రాశాను. భార్యకు దూరంగా ఉండలేక పోతున్నాడని, దయచేసి పని ఇవ్వాలని కూడా రాశాను. పెద్దాయన నా భుజం మీంచి చదివి, కాగితాన్ని రెండుగా చించేశాడు.

"ఆయప్ప చెడు రాయించినాడు, నువ్వు మంచితో ముంచుతా ఉండావు. జిల్లాలో లేడని నువ్వు తిరిగి సూసినావా? జబ్బు సంగతి ఎందుకు? ఆయన పెండ్లాం సంగతి వాళ్లకెందుకు? నీకు తెల్సింది రాయి."

అన్న అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "ఉండేది రాయి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు," అన్నాడు. అబ్బా అనలేదు.

ఆయన పేరు, తండ్రి పేరు. సర్వరుగా చేసిన తొమ్మిదేళ్లూ, మొదటి తేదీ, చివరి తేదీ. బల్లల దగ్గర ఆర్డర్లు తీసుకోవడం, వడ్డించడం, రద్దీ వేళల్లో హాలు చూసుకోవడం. పనిలో నేర్పరి, కస్టమర్లతో మర్యాదగా నడుచుకున్నాడు, నడవడిక మంచిది. ముందుగా తెలిపి తన ఇష్టం మీద వెళుతున్నాడు. ఐదు వాక్యాలు. రాసి, తెలుగులో పైకి చదివాను. అన్న ప్రతి వాక్యానికీ తలూపాడు.

మొదలాళి సంతకం గీకి కాగితం విసిరినట్టు తోశాడు. ముద్ర వేయలేదు. ముద్ర గల్లా పెట్టెలోనే ఉంది, తాళం చెవి ఆయన మొలలోనే ఉంది. ముద్ర లేని కాగితాన్ని ఎవడైనా రాసుకోవచ్చంటారని ఆయనకు బాగా తెలుసు. అన్న చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. వెనకాల బిల్లు కట్టడానికి నలుగురు నిలబడ్డారు. ఎవరూ తొందరపడలేదు. చివరికి పెట్టె తెరిచి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

సోమవారం ఆయనకు ఆ పని దొరికింది. ఆ సంగతి కూడా నాకు వేరేవాళ్లు చెప్పగా తెలిసింది.

రెండేళ్ల తరువాత ఒక పని మీద రైల్లో పోతూ గూడూరులో దిగాను. బండి మారడానికి గంట టైముంది. టిఫిన్ల గదిలో ఆయనే. తెల్ల చొక్కా, శుభ్రంగా గీసిన గడ్డం. నా బల్ల తుడిచాడు. నేను "అన్నా, బాగుండావా? వదిన బాగుండాదా?" అన్నాను.

"బాగుండాము," అన్నాడు.

ఇడ్లీ అడిగాను, తెచ్చాడు. కాఫీ అడిగాను, పొగలు కక్కేది తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. చట్నీ మళ్లీ వేశాడు. మర్యాదకు ఏ లోటూ చేయలేదు, నేను ఆ కాగితంలో రాసినట్టే. తప్పైపోయిందని చెప్పాలని ఎంతగానో అనుకున్నాను. చెప్పకుండానే కాఫీ తాగేశాను.

లేచేటప్పుడు మాత్రం ఆయనే దగ్గరికి వచ్చాడు. నేను ఆశగా చూశాను.

"ఇంకేమన్నా కావల్నా సార్?" అని అడిగాడు.