కోట మోసే కంప్యూటరు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, బజారులో దానితో పిలిస్తే ఎవరూ పలకరు, ఆయనతో సహా. అందరికీ ఆయన "చూద్దాం"గారు. పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఎవరు కంప్యూటరు తెచ్చి, "విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే దీంట్లో ఆ విండోస్ ఆటలే ఆడతాయా?" అని అడిగినా, అది నిన్న పెట్టెలోంచి తీసినదైనా, తాతల నాటిదైనా, జవాబు ఒకటే: "చూద్దాం."

ఆయన బామ్మర్దికి ఈ మాట వింటే ఒళ్లు మండేది. అక్క మొగుడు కాబట్టి పైకి ఏమీ అనలేడు. పక్కవీధి కొట్టులో కుర్రాళ్లు ప్రాసెసరు పేరు వినీ వినగానే "బ్రహ్మాండంగా ఆడుద్ది" అని చెప్పి పంపిస్తున్నారు. ఇక్కడేమో బావ కళ్లజోడు సర్దుకుని, వచ్చినవాళ్లను పిల్ల తరఫువాళ్లు అడిగినట్టు అడుగుతాడు. ఏ ఆట? ఒక్కడివే ఆడతావా, పదిమందితోనా? దాంట్లో దొంగాటను పట్టుకునే కాపలా ప్రోగ్రాం ఉందా? ఆ కాపలావాడు లినక్స్‌ను గుమ్మం ఎక్కనివ్వకపోతే నీ కంప్యూటరు బంగారంతో చేసినదైనా ఆట తెరుచుకోదు నాయనా, ఇంటికెళ్లి ఇంకో ఆట చూసుకో.

"బావా, ఇలా అయితే జనం రారు," అనేవాడు బామ్మర్ది.

"వచ్చినవాళ్లు మళ్లీ తిట్టడానికి రాకపోతే చాల్లేరా," అనేవాడు ఆయన.

ఒకరోజు చూద్దాంగారు ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన యంత్రాలను చూసి రావడానికి వెళ్లాడు. దుకాణంలో బామ్మర్ది ఒక్కడే ఉన్నాడు. అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. కళ్లజోళ్ల షాపులో అద్దాలు కోసే పని ఆమెది. చేతిలో బరువైన పాత గేమింగ్ ల్యాప్‌టాప్, మూత నిండా స్టిక్కర్లు.

"మా అన్నయ్యదండీ," అంది. అన్నయ్య బస్సు డ్రైవరు. రక్తానికి సంబంధించిన జబ్బు. వారంలో ఆసుపత్రిలో విడి గదిలోకి పంపుతున్నారు, ఎముకలోని మూలుగ మార్చడానికి. నెల పైనే ఉండాలి. లోపలికి ఎవరినీ రానివ్వరు. తీసుకెళ్లే ప్రతి వస్తువునూ మందు పెట్టి తుడుస్తారు, ఒకసారి లోపలికెళ్లింది మళ్లీ ఆయనతోనే బయటికి రావాలి. గడువు తీరిన విండోస్ ఉన్న యంత్రాన్ని అక్కడి వైఫై రానివ్వదు. ఈ ల్యాప్‌టాప్‌లోనేమో కొత్త విండోస్ ఎక్కదు. కొత్తది కొనే మాట ఇప్పుడు ఎత్తే పరిస్థితి కాదు.

"ఇద్దరం కలిసి ఒక కోట కట్టే ఆట ఆడతామండీ, ఏళ్ల తరబడి అదే కోట. రోజూ సాయంత్రం ఇద్దరం అందులో కలుసుకోవాలి. అంతే."

బామ్మర్ది గుండె కరిగిపోయింది. కూర్చోబెట్టి, లినక్స్ వేసి, అందులోని పాత గ్రాఫిక్స్ చిప్‌ను నడిపించే డ్రైవరు ప్రోగ్రాంలో దొరికిన చివరిది వెతికి ఎక్కించాడు. విండోస్ ఆట ఒక భాషలో బొమ్మలు అడుగుతుంది, లినక్స్‌కు తెలిసింది మరో భాష. మధ్యలో ప్రోటాన్ అనే దుబాసీ కూర్చుని ఒకదాన్ని ఇంకోదానిలోకి మారుస్తూ ఉంటుంది. కొత్త ప్రోటాన్‌తో ఆట తెరుచుకోలేదు. పాత ప్రోటాన్ పెట్టాడు, తెరుచుకుంది. కొత్త ఆట మొదలుపెట్టి పచ్చికబయలులో అటూ ఇటూ పరిగెత్తించాడు. వెన్నలా జారింది. చంకలు గుద్దుకున్నాడు.

"మీ అన్నయ్యకు చెప్పండి, నిశ్చింతగా ఆడుకోవచ్చని!"

ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసి చెప్పింది. అవతల నుంచి అన్నయ్య నవ్వు బామ్మర్దికి కూడా వినిపించింది. ఇంతమంచి పని చేసి చాలా రోజులైందనుకున్నాడు.

చూద్దాంగారు చేతిలో ఒక చొట్టపడ్డ ల్యాప్‌టాప్ పట్టుకుని అప్పుడే గుమ్మం ఎక్కాడు. సంగతంతా విన్నాడు. "మీ కోట ఏదమ్మా?" అన్నాడు.

"ఇంట్లో నా కంప్యూటర్లో ఉందండీ."

"వెళ్లి తీసుకురా. వీడు ఖాళీ పొలంలో పరిగెత్తి చూశాడు. మీరుండేది కోటలో కదా."

ఆమె పెన్‌డ్రైవ్‌లో కోట తెచ్చింది. తెరిస్తే ఊరంత ఉంది. బురుజులు, కందకాలు, వందలకొద్దీ కాగడాలు, మధ్యలో ఎందుకో ఒక బస్టాండు. చూద్దాంగారు వాన కురిసే రాత్రి పెట్టించి, కాగడాలన్నీ కనిపించే చోట ఆమెనే ఆడమన్నాడు. పాత ల్యాప్‌టాప్ దాన్నీ మోసింది. "చూశారా!" అంది ఆమె. "చూశావా బావా!" అన్నాడు బామ్మర్ది.

"బాగానే ఉంది," అన్నాడాయన. "ఇప్పుడు వచ్చిన అప్‌డేట్లన్నీ వేసి, ఒకసారి ఆపి మళ్లీ తెరు."

వేశారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కొత్తది దిగింది. యంత్రం లేచింది. ఆట మీద నొక్కితే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని టప్పున మూసుకుపోయింది. మళ్లీ నొక్కినా అంతే. ఆ పాత డ్రైవరు కొత్త కెర్నెల్‌కు అతకలేదు. బామ్మర్ది గబగబా కీబోర్డు మీదికి వంగాడు.

"పాత కెర్నెల్‌తో తెరిస్తే సరిపోతుంది బావా! ఇక అప్‌డేట్లు ఆపేద్దాం."

"ఇక్కడైతే నువ్వున్నావు, తెరుస్తావు. అక్కడ ఎవడున్నాడ్రా? సరే, ఆపేశాం అనుకో. ఆట కట్టినవాళ్లు ఆగుతారా? వాళ్లు కొత్త వెర్షన్ వదిలితే అన్నాచెల్లెళ్లిద్దరి దగ్గరా అదే ఉండాలి, లేకపోతే కలవలేరు. ఆ వెర్షన్‌కు కొత్త ప్రోటానే కావాల్సొస్తే? కొత్త ప్రోటాన్ మాట్లాడేది వల్కన్ అనే బొమ్మల భాషలో కొత్త రకం. ఈ చిప్‌కు వచ్చింది పాత వల్కనే. దుబాసీ ఎంత పండితుడైనా వినేవాడికి అర్థం కావాలి కదా." ఆమె వైపు తిరిగాడు. "ఇవాళ ఆడుతుందమ్మా. నెల రోజులు ఆడుతుందని నేను చెప్పలేను. ఇది పంపొద్దు."

ఆమె ముఖం ఎర్రబడింది. "అన్నయ్యకు చెప్పేశానండీ! అది వాడి ల్యాప్‌టాప్, అది పక్కనుంటే వాడికి ధైర్యం. మీరు ఊరికే అవునంటే ఏం పోయింది? పాడైతే అప్పుడు చూసుకుంటాం!"

"అప్పుడు చూసుకోవడానికి మనల్ని లోపలికి రానివ్వరు కదమ్మా," అన్నాడాయన మెల్లిగా.

ఆమె ఏడ్చేసింది. బామ్మర్దికి బావ మీద పీకల్దాకా కోపం వచ్చింది. కొన ఊపిరితో ఉన్న ఆశ మీద కూడా నీళ్లు చల్లాలా? ఒక్క అబద్ధం ఆడితే ఈయన సొమ్మేం పోయింది? అయినా ఆ కోపం కింద, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముందే మాటిచ్చింది తనేనని తెలుసు. అందుకే ఇంకా కోపం.

చూద్దాంగారు ఆమె ఏడుపు తగ్గేదాకా కూర్చున్నాడు. తర్వాత తాను తెచ్చిన చొట్ట ల్యాప్‌టాప్‌ను బల్ల మీదికి జరిపాడు. ఆఫీసువాళ్లు కొత్త విండోస్ ఎక్కదని పారేసినది.

"ఇదా!" అంది ఆమె.

"చూడ్డానికి ఇలా ఉంటుంది. దీనికి విడిగా గ్రాఫిక్స్ చిప్ లేదు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉంది. బలం దానికంటే తక్కువ. కానీ దీని డ్రైవరు లినక్స్‌తో పాటే వస్తుంది, అప్‌డేట్ వస్తే అదీ కలిసే వస్తుంది, విడిపోవడం ఉండదు. కొత్త వల్కన్ కూడా వచ్చు. మీ కోటను మోస్తుందో లేదో మాత్రం చూడాలి."

లినక్స్ వేసి కోట తెరిచారు. అడుగడుక్కీ బొమ్మ ఆగి ఆగి కదిలింది. బామ్మర్ది తల పట్టుకున్నాడు. చూద్దాంగారు చలించలేదు. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా అక్కడి బొమ్మలకు కావలసిన షేడర్లను, అంటే వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాంలను, అప్పటికప్పుడు తయారుచేసుకుంటుందని, చేసినవి దాచుకుంటుందని చెప్పి, అదే దారిలో మళ్లీ నడిపించాడు. రెండోసారి కుదుపులు పోయాయి. కానీ కాగడాల దగ్గరికి వచ్చేసరికి మొత్తం బరువుగా, నీళ్లలో నడిచినట్టు తయారైంది.

"ఇది షేడర్ల గొడవ కాదు," అని వెనక మూత విప్పాడు. ర్యామ్ ఒకే ముక్క ఉంది. "సొంత మెమరీ లేని చిప్. ప్రతిదానికీ ర్యామ్ దగ్గరికి పోవాలి. దారి ఒకటే ఉంటే ఇంతే." సొరుగులు వెతికి జతకు సరిపోయే రెండో ముక్క పెట్టాడు. రెండు దార్లయ్యాయి. నీడల నాణ్యత తగ్గించాడు, తెర కొలత ఒక మెట్టు దించాడు. మళ్లీ వాన, మళ్లీ కాగడాలు. ఆమె బురుజు ఎక్కింది, దిగింది, బస్టాండు చుట్టూ తిరిగింది. పాతదాని జోరు లేదు గానీ, ఎక్కడా తడబడలేదు. అప్‌డేట్లు వేయించి, ఆపి, తెరిపించి, మళ్లీ అదంతా మొదటినుంచీ చేయించాడు. మర్నాడు కూడా రమ్మని మళ్లీ చేయించాడు. బామ్మర్దికి తలప్రాణం తోకకొచ్చింది.

"ఇది పంపమ్మా. మీ అన్నయ్యతో మీ కోటలో కూర్చుంటావు," అన్నాడు చివరికి.

ఆమె థాంక్స్ చెప్పలేదు. స్టిక్కర్ల ల్యాప్‌టాప్ ఒక చంకలో, చొట్టది ఇంకో చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఇంత చేసి ఒక మంచి మాటైనా దక్కలేదని బామ్మర్ది సణిగాడు. ఆయన అప్పటికే వేరేవాళ్ల మదర్‌బోర్డు మీద దుమ్ము దులుపుతున్నాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆమె దుకాణానికి వచ్చింది. అన్నయ్య ఇంకా లోపలే ఉన్నాడు, కొత్త మూలుగ పట్టుకుంటోందట, రక్తంలో అంకెలు లేస్తున్నాయట.

"రెండో వారంలో నోరంతా పుండ్లు పడి వాడికి మాట పోయిందండీ. ఫోన్ లేదు, టైపు చేసే ఓపికా లేదు. సాయంత్రం కోటలోకి వచ్చి నా పక్కన నిలబడేవాడు, అంతే. నేను గోడ కడుతుంటే చూస్తుండేవాడు. ఒకరోజు కళ్ల ముందే మాయమైపోయాడు. ఆటలోంచి పోయాడు. ఫోన్ చేస్తే మాట్లాడలేడు. నర్సు ఎత్తట్లేదు. పోయింది ఆటలోంచేనా, లేక... గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నానండీ. కాసేపటికి కోట గుమ్మం దగ్గర కనిపించాడు. రెండుసార్లు గెంతాడు. మాట వచ్చాక చెప్పాడు, ఏదో అప్‌డేట్ అడిగితే ఓపిక లేక సరే అని నొక్కేశాడట. అదే ఆగి, అదే లేచి, కాస్త తడబడి, మళ్లీ ఆడిందట. అదే ఆ పాత ల్యాప్‌టాప్ అయ్యుంటే..."

మిగతాది ఆమె చెప్పక్కర్లేదు, బామ్మర్దికి తెలుసు. నల్లటి కిటికీ టప్పున మూసుకుపోవడం అతను కళ్లారా చూశాడు. ఇంట్లో తెర ముందు ఒక్కతీ కూర్చుని, గుమ్మం వైపే చూస్తూ ఉన్న ఈ పిల్ల అతనికి కనిపించింది. ఆ గుమ్మంలోకి ఆ సాయంత్రం ఎవరూ రాకుండా చేసి ఉండేది తన "నిశ్చింతగా ఆడుకోవచ్చు" అనే మాట. బావను ఎంత తిట్టుకున్నాడో తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా, ఏడుస్తున్న మనిషి ముందు కూర్చుని కాదు అనగలగడం ఎంత పెద్ద ప్రేమో మొదటిసారి తెలిసింది.

చూద్దాంగారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"తడబడింది అన్నావు. ఎంతసేపు తడబడిందమ్మా?" అని అడిగాడు.