అమావాస్య సెలవు ఎవరిది?

బెంగళూరు నుంచి వచ్చి ధర్మవరంలో నాయన చీరల అంగడి చూసుకోవడం మొదలుపెట్టగానే, అక్కడ చీరలు మడతపెట్టే అక్కతో ఒప్పందాన్ని ఫోన్‌లో టైపు చేశాను. నెలకు పన్నెండు వేలు, జీతంతో రెండు సెలవులు, ప్రతి ఉగాదికి వెయ్యి పెంపు. గర్వంగా చదివి వినిపించాను.

“ఆ రెండిట్లో అమావాస్య ఒకటా?” అంది.

“అవునక్కా, ఆరోజు అంగడి ఉండదు కదా.”

“అంగడి మూసేది మీరు. అది నా సెలవెట్లయితాదప్పా? నా బిడ్డ కనగానపల్లి హాస్టల్లో ఉండాది. నెలకు రెండుసార్లు ఆదివారం పోయి చూడాల. అమావాస్యకు వాళ్ల బడి మూస్తారా?”

నాకు కోపం వచ్చింది. “ఇష్టం లేకుంటే వేరే అంగడి చూసుకో” అనేశాను.

ఆమె చేతిలోని చీర మడత పూర్తి చేసింది. “చూసుకుంటాలే. పక్క అంగడి ఆయప్ప పిలుస్తానే ఉండాడు.”

నాయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. “అమావాస్య మన పట్టింపురా, ఆమెది కాదు” అని పెట్టేశాడు.

“తప్పు నాదేలే అక్కా” అంటూ ఆ వాక్యం మార్చాను: అమావాస్య కాక, జీతంతో రెండు సెలవులు.

“నా డబ్బా ఫోన్లో అది కనపడదు. కాగితం మీద రాయి” అంది.

రెండు కాగితాలు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. తన కాగితాన్ని చీర మాదిరే నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

“ఈ ఆదివారం నేను రాను. రాసుకో అప్పా.”