మా కంపెనీలో ఏడు మెట్లు

డెబ్బైల మొదట్లో తెనాలిలో చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు తయారుచేసే కంపెనీలో నేను డిపోల మేనేజరుని. మొదట్లో ఒకటే షెడ్డు, పదిమందిమి. వ్యాపారం పెరిగి బాపట్లలో, రేపల్లెలో డిపోలు పెట్టాం. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా పాతవాళ్లకు ఒక్కో హోదా వచ్చింది.

అలా పెరుగుతున్న రోజుల్లోనే బీయస్సీ చదివిన ఒకతను చేరి, ఐదేళ్లు తిరక్కుండా జనరల్ మేనేజరు అయ్యాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. యజమాని, నేను ఒకే సైకిలుకి స్ప్రేయరు కట్టుకుని ఊళ్లు తిరిగినవాళ్లం. ఇప్పుడు నేనేదైనా చెప్పబోతే ఆయన, "అతనికి చెప్పావా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. అతను ఎదురొచ్చి నమస్కారం పెట్టినా మండేది.

ఒక ఏడాది రేపల్లె డిపో నుంచి స్ప్రేయరు వాల్వుల కోసం కాగితం వచ్చింది. అది సంతకాలన్నీ పూర్తిచేసుకుని, వాల్వులు అక్కడికి చేరేసరికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా దోమ చేలను తినేసింది. రైతులు తెనాలి వచ్చి యజమానిని నిలదీశారు. ఆయన నన్ను పిలిచి, మనకు పనిచేసేవాళ్లకంటే పని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారేమో చూడమన్నారు. ఎవరి కింద నేరుగా ఎంతమంది ఉన్నారో, తన దగ్గర్నుంచి మెకానిక్కు దాకా ఎన్ని మెట్లున్నాయో బొమ్మ గీసి తెమ్మన్నారు. పాతవాణ్ణి కాబట్టి నేనైతే అందరినీ ఎరుగుదునని ఆయన నమ్మకం.

నియామకపు కాగితాలు ముందేసుకుని గీశాను. యజమాని, జనరల్ మేనేజరు, నేను, నా అసిస్టెంటు, డిపో ఇన్‌చార్జి, సూపర్‌వైజరు, మెకానిక్కు. మొత్తం ఏడు మెట్లు. జనరల్ మేనేజరు కింద నేరుగా ఉన్నది ముగ్గురమే: నేను, షెడ్డు ఫోర్‌మన్, స్టోర్సు గుమస్తా. ముగ్గురి మీద అంత పెద్ద మనిషి దేనికి? అతని గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ పూట అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

కానీ కాగితం మీద ఉన్నదే జరుగుతోందో లేదో మనుషుల్ని అడిగి చూడాలి. షెడ్డులో ఫోర్‌మన్ కింద పద్దెనిమిది మంది ఫిట్టర్లు ఉన్నారు. అది మరీ ఎక్కువని యజమాని అనుమానం. అందరిదీ ఒకే పని, ఒకే కప్పు కింద, అతని కళ్లెదుటే. ఏ ఇబ్బందీ లేదు. బాపట్ల వెళ్తే ఇద్దరు మెకానిక్కుల మీద ఒక సూపర్‌వైజరు, అతని మీద ఇన్‌చార్జి. ఇన్‌చార్జి పొద్దుపోక పేపరు చదువుతున్నాడు.

రేపల్లె ఇన్‌చార్జి నన్ను బాబాయిగారూ అనేవాడు. పని ఆగిపోతే ఎవరిని అడుగుతావని అడిగాను.

"జనరల్ మేనేజరుగారికి ఫోన్ చేస్తానండి. ఆయన అప్పుడే చెప్పేస్తారు. తర్వాత కాగితం మీకు పంపిస్తాను."

"నాకెందుకు పంపడం?"

"మీ సంతకం లేకపోతే స్టోర్సులో సరుకు ఇవ్వరు కదండీ."

తెనాలి వచ్చి ఉత్తరాల రిజిస్టరు తిరగేశాను. వాల్వుల కాగితం నా అసిస్టెంటు దగ్గర మూడు రోజులు, నా బల్ల మీద ఐదు రోజులు ఉంది. జనరల్ మేనేజరు వచ్చిన రోజే సంతకం పెట్టాడు. డిపోలూ, షెడ్డూ, స్టోర్సూ నిజంగా నడిపిస్తున్నది అతనే. నా కింద నేరుగా ఉన్నది ఒక్క అసిస్టెంటు. అతను చూసిందే నేను మళ్లీ చూస్తున్నాను. ఎర్ర గీత ఉండాల్సింది మా ఇద్దరి గడుల చుట్టూ. ఆ రెండూ, సూపర్‌వైజరు గడీ తీసేసి ఇంకో బొమ్మ గీశాను.

రెండు బొమ్మలూ సంచిలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మొదటిది ఇస్తే యజమాని నమ్ముతారు. అతను పోతాడు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉండేదో ఇప్పటికీ గుర్తే. కానీ అతను పోతే రేపల్లెవాళ్లు ఫోన్ ఎవరికి చెయ్యాలి? నాకు చేస్తే నేనేం చెప్పాలి? రెండోదే ఇచ్చాను.

యజమాని గడుల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. "ఇందులో నువ్వు లేవేంటి?" అన్నారు.

"అవసరం లేదండి," అన్నాను.

నా మెట్టు, అసిస్టెంటు మెట్టు, డిపోల్లో సూపర్‌వైజరు మెట్టు తీసేశారు. ఏడు నాలుగయ్యాయి. ఎవరినీ పంపించెయ్యలేదు. సూపర్‌వైజర్లు ఊళ్లలో రిపేర్లకు తిరిగారు. బాపట్ల ఇన్‌చార్జి రిటైరవగానే నా అసిస్టెంటు అక్కడికి వెళ్లాడు. రేపల్లె ఇన్‌చార్జిని చీరాలలో కొత్త డిపో పెట్టడానికి పంపి, నన్ను రేపల్లెలో వేశారు. చీరాల వచ్చినా పైన కొత్త మనిషి అవసరం పడలేదు, జనరల్ మేనేజరు కింద ఐదుగురే అయ్యారు.

నా బదిలీ ముందురోజు జనరల్ మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ బొమ్మ నేను గీయాల్సొస్తే నా గడి తీసేసేవాణ్ణి కాదండి," అన్నాడు.

మర్యాదకి అన్నాడో, నిజమే అన్నాడో తెలియదు. చెడ్డవాడయినా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. రేపల్లెలో వాల్వులు అడిగిన రెండో రోజే వచ్చేవి. రైతులు సంతోషించేవాళ్లు. బిల్లు అడుగున అతని సంతకం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతూనే ఉండేది.